ఎనిమిది ఫ్రేముల నడకకి గీయాల్సింది నాలుగు బొమ్మలే

వాక్ సైకిల్, అంటే గేమ్ లో మనిషి నడకని తిప్పి తిప్పి ఆడించే బొమ్మల వరస, దాని గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే ఉంటది, ఎన్ని ఫ్రేములు పెట్టాలి అని. 4 చాలా, 6 కావాలా, 8 అయితే బాగుంటదా, 12 పెడితే ఇంకా నున్నగా వస్తదా. ఫ్రేములు పెంచే కొద్దీ నడక బాగుపడతదని మనసులో ఒక నమ్మకం ఉంటది కదా, చేత్తో గీసే స్ప్రైట్, అంటే గేమ్ లో కదిలే చిన్న బొమ్మ దగ్గర అది చాలాసార్లు తిరగబడుతుంది. ఎందుకంటే ప్రతి కొత్త ఫ్రేమూ అదే మనిషిని ఇంకోసారి గీయడమే, గీసిన ప్రతిసారీ తల ఒక పిక్సెల్ పెరగొచ్చు, భుజం ఒక పిక్సెల్ జారొచ్చు, కాలు కొంచెం పొట్టిదవ్వొచ్చు. ఆ తేడాలు విడివిడిగా చూస్తే కనపడవు, ప్లే చేస్తే మాత్రం మనిషి ఉడుకుతున్నట్టు వణుకుతాడు. 12 ఫ్రేములంటే అలా తప్పు దొర్లే చోట్లు 12 అన్నమాట.

గుంటూరులో ఒక కుర్రాడు చిన్న గేమ్ చేస్తున్నాడు, మిర్చి యార్డులో హమాలీ బస్తాలు మోస్తూ లారీ నిండేలోపు లెక్క పూర్తి చెయ్యాలి, ఐడియా చాలా బాగుంది. హీరో బొమ్మ ఒక్కటే ఉంది, పక్కకి తిరిగి నిలబడ్డ బొమ్మ, పెద్ద తల, తలకి పాగా, గుబురు మీసం, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ, ఎడమ భుజం మీద ఎర్ర తువ్వాలు. చూడగానే ఇష్టపడే బొమ్మ. దాన్నుంచి నడక తియ్యాలని 12 ఫ్రేములు గీశాడు, వణుకుతోంది, గీసింది పంపించి "అన్నా, 16 చేస్తే సర్దుకుంటదా" అని అడిగాడు. సర్దుకోదు. ఎందుకు సర్దుకోదో, ఆ ఒక్క బొమ్మ నుంచి 8 ఫ్రేముల నడక ఎట్లా కట్టామో ఇక్కడ వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఇందులో ఫ్రేముల లెక్క, పోజుల లెక్క రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, విడదీసి చెప్తే అర్థం కావు.

ముందు రోగం ఎక్కడుందో చూడాలి. కాళ్ళు చేతులు ఉన్న లేయర్లు దాచేసి తల, మొండెం మాత్రమే ప్లే చేసి చూడమన్నా. నడక బాగుంటే అప్పుడు తల కొంచెం పైకీ కిందకీ ఊగుతూ కనపడాలి, అంతే, ఇంకేం జరగకూడదు. కానీ ఇక్కడ పాగా మడతలు ప్రతి ఫ్రేములో వేరే చోట ఉన్నాయి, మీసం ముక్కు వైపు పాకుతోంది మళ్ళీ వెనక్కి వస్తోంది, తల ఎత్తు ఒక ఫ్రేములో 18 పిక్సెళ్ళు, ఇంకో ఫ్రేములో 19, ఒకచోట 17. వీటిలో ఏదీ కాళ్ళ సమస్య కాదు, ఫ్రేముల సంఖ్య సమస్య అసలే కాదు. 16 చేస్తే ఇంకో నాలుగు రకాల పాగాలు వచ్చేవి.

అందుకే గీయడం మొదలెట్టక ముందే ఆ ఒక్క బొమ్మని కొలవాలి. ఈ హమాలీ ఎత్తు 48 పిక్సెళ్ళు, 64 బై 64 కాన్వాస్ మీద. పాగాతో కలిపి తల 18, మెడ నుంచి నడుము దాకా 15, నడుము నుంచి నేల దాకా 15. కాలులో తొడ 7, మోకాలు కింద 8. చెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా 14. ఈ అంకెలు ఒక పక్కన రాసి పెట్టుకోవాలి, లేదా కాన్వాస్ అంచున ఒక లేయర్లో రంగు గీతలుగా గీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, గీస్తున్నంతసేపూ కళ్ళ ముందు ఉంటాయి. నేల గీత కూడా అప్పుడే ఖాయం చెయ్యాలి, మేం పైనుంచి 60వ పిక్సెల్ దగ్గర పెట్టాం, నడుము మధ్యలో 32 దగ్గర ఒక నిలువు గీత.

కొలిచాక అసలు నిర్ణయం ఒకటుంది, ఏవి మళ్ళీ గీస్తాం, ఏవి అసలు గీయం అనేది. తల గీయం. ఒక్కసారి గీసిన తల ఒక లేయర్లో ఉంటది, 8 ఫ్రేముల్లోనూ అదే తల, జరపడమే తప్ప ఒక్క పిక్సెల్ ముట్టుకోం. ఆసెప్రైట్ అనే పిక్సెల్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ లో అయితే దీనికి లింక్డ్ సెల్స్ అని ఉంది, ఒక ఫ్రేములో మారిస్తే లింకు చేసిన అన్నింట్లో మారతది, కాకపోతే దాని స్థానం కూడా లింకయ్యే ఉంటది, అందుకని ఊపు ఇవ్వాల్సి వచ్చేసరికి లింకు తీసి కాపీలుగా చేసుకుని జరపాల్సొస్తది. కాబట్టి తల డిజైన్ పూర్తిగా తేలిన తర్వాతే లింకు తియ్యండి. మొండెం కూడా దాదాపు అంతే, ఒకే బొమ్మ, కొంచెం జరుగుతుంది. గీసేది కాళ్ళు, చేతులు, లుంగీ కింది అంచు, తువ్వాలు కొస. పెద్ద తల ఉన్న స్టైలైజ్డ్ క్యారెక్టర్లో ఇది మరీ ముఖ్యం, చూసేవాడి కన్ను ముందు తల మీదకే పోతది, బొమ్మలో మూడో వంతుకి పైగా అదే కాబట్టి అది నిలకడగా ఉంటే కాళ్ళలో చిన్న చిన్న తేడాలు ఎవరికీ పట్టవు.

ఇక పోజులు. నడకలో ఒక అడుగుకి నాలుగు ముఖ్యమైన పోజులు ఉంటాయి, యానిమేషన్ చేసేవాళ్ళు వీటిని కాంటాక్ట్, డౌన్, పాసింగ్, అప్ అంటారు. కాంటాక్ట్ లో ముందు కాలి మడమ నేలని తాకుతుంది, వెనక కాలి వేళ్ళు ఇంకా నేల మీదే ఉంటాయి, రెండు కాళ్ళూ బాగా ఎడంగా ఉంటాయి. డౌన్ లో బరువంతా ముందు కాలి మీద పడి మోకాలు వంగుతుంది, ఒళ్ళు అన్నింటికంటే కిందికి దిగేది ఇక్కడే. పాసింగ్ లో వెనక కాలు లేచి నిలబడ్డ కాలు పక్కనుంచి ముందుకి దాటుతుంది. అప్ లో నిలబడ్డ కాలు వేళ్ళ మీద లేచి ఒళ్ళుని ముందుకి తోస్తుంది, ఒళ్ళు అన్నింటికంటే ఎత్తులో ఉండేది ఇక్కడ, ఆ తర్వాత పడిపోతున్నట్టు వచ్చి రెండో కాలి మీద కాంటాక్ట్ అవుతుంది. ఒక అడుగుకి 4, రెండు అడుగులకి 8, ఒక పూర్తి సైకిల్. 8 అనే అంకె అంత ఎక్కువగా వినపడడానికి కారణం ఇదే, ఇంకేం లేదు.

ఒళ్ళు పైకీ కిందకీ ఊగడం గురించి చాలామంది అందం కోసం పెట్టే ఊపు అనుకుంటారు. కాదు, అది కాలు పొడవు నుంచి పుట్టే లెక్క. మన హమాలీ కాలు 15 పిక్సెళ్ళు. కాంటాక్ట్ లో పాదం నడుము గీతకి 8 పిక్సెళ్ళు ముందుకి వెళ్తే, కాలు నిటారుగా చాపినా నడుము నేల నుంచి ఎంత ఎత్తులో ఉండగలదు? 15 వర్గంలోంచి 8 వర్గం తీసేస్తే 225లో 64 పోయి 161, దాని వర్గమూలం 12.7. అంటే నిలబడ్డప్పుడు 15 ఎత్తులో ఉన్న నడుము కాంటాక్ట్ లో 12 లేదా మహా అయితే 13కి దిగి తీరాలి. దింపకుండా తలని ఒకే ఎత్తులో ఉంచి కాళ్ళు మాత్రం చాపితే, మనకి తెలీకుండానే కాలుని 17 పిక్సెళ్ళు గీసేస్తాం. నిలబడ్డప్పుడు 15 ఉన్న కాలు అడుగు వేసేటప్పుడు 17, మళ్ళీ దాటేటప్పుడు 15. కాళ్ళు రబ్బరులా సాగుతున్నాయి అనిపించే నడకల్లో దాదాపు ఎప్పుడూ కారణం ఇదే, కుర్రాడి 12 ఫ్రేముల్లోనూ ఇదే ఉంది.

మేం పెట్టుకున్న నడుము ఎత్తులు కాంటాక్ట్ లో 12, డౌన్ లో 11, పాసింగ్ లో 13, అప్ లో 14. ప్రతి ఎత్తుకీ కాలు 15కి మించకుండా సరిపోతుందో లేదో చూసుకున్నాం. అప్ లో నిలబడ్డ పాదం 4 పిక్సెళ్ళు వెనక ఉంది, నడుము 14 ఎత్తులో ఉంది, అంటే కాలు 14.6 చాపాలి, సరిపోయింది. డౌన్ లో పాదం 4 ముందు, నడుము 11, కావాల్సింది 11.7, కాలు 15 కాబట్టి మిగిలింది మోకాలు వంపులోకి పోవాలి, అందుకే డౌన్ లో మోకాలు ముందుకి బాగా పొడుచుకొస్తది. మోకాలు ఎంత వంచాలి అని ఊహించాల్సిన పని లేదు, తొడ 7, కింద 8 అనే రెండు ముక్కలు నడుముకీ పాదానికీ మధ్య పట్టాలంటే వంగే చోటు ఒకటే ఉంటది. తలా మొండెం నడుముతో పాటే అన్నే పిక్సెళ్ళు దిగుతాయి లేస్తాయి. అంతా కలిపి ఊపు 3 పిక్సెళ్ళు, 48 ఎత్తు బొమ్మకి కొంచెం హుషారుగానే ఉంటది, ఇలాంటి బొద్దు మనిషికి అది నప్పుతుంది, సన్నగా పొడుగ్గా సీరియస్ గా ఉండే క్యారెక్టర్ అయితే నేను 2కి తగ్గిస్తా, దానికి తగ్గట్టు అడుగు కూడా తగ్గిస్తా.

ఇప్పుడు పాదం సంగతి, ఫ్రేముల లెక్క అసలు తేలేది ఇక్కడే. స్ప్రైట్ ఉన్నచోటే నడుస్తుంది, గేమ్ దాన్ని ముందుకి జరుపుతుంది. అంటే కాన్వాస్ మీద చూస్తే నేల మీద ఆనిన పాదం వెనక్కి జారుతూ కనపడాలి, ప్రతి ఫ్రేముకీ సరిగ్గా ఒకే దూరం జారాలి. గేమ్ మనిషిని ముందుకి జరిపే వేగం సమానం కదా, పాదం వెనక్కి పోయే వేగం కూడా సమానంగా ఉంటేనే రెండూ కలిసి పాదం నేలకి అతుక్కున్నట్టు ఉంటది, లేకపోతే నూనె నేల మీద నడిచినట్టు జారతాడు. మన హమాలీకి దగ్గర కాలు, అంటే చూసేవాళ్ళ వైపున్న కాలు, 1వ ఫ్రేములో నడుము గీతకి 8 ముందు, 2లో 4 ముందు, 3లో సరిగ్గా నడుము కింద, 4లో 4 వెనక, 5లో 8 వెనక. ఫ్రేముకి 4 పిక్సెళ్ళు, ఎక్కడా తేడా లేదు. కొలిచేది పాదంలో ఒకే చోట కొలవాలి, ఒక ఫ్రేములో మడమ ఇంకో ఫ్రేములో బొటనవేలు కొలిస్తే లెక్క తప్పుతుంది, నేను వేళ్ళ మొదలు దగ్గర కొలుస్తా.

గాల్లో ఉన్న కాలికి ఈ సమాన వేగం రూలు లేదు. 5లో 8 వెనక ఉన్న పాదం 6లో 7 వెనక, నేల నుంచి 3 పైకి. 7లో నడుము కిందకి వచ్చేస్తది, 4 పైకి. 8లో 7 ముందు, 2 పైకి, వేళ్ళు కొంచెం పైకి ఎత్తి. మళ్ళీ 1లో 8 ముందు, మడమ నేలకి. ఒకటి, ఏడు, ఏడు, ఒకటి. మొదట మెల్లగా, మధ్యలో విసురుగా, చివర మెల్లగా. ఆ విసురు ఉంటేనే కాలికి బరువు ఉన్నట్టు అనిపిస్తది, గాల్లో కాలుని కూడా నాలుగేసి పిక్సెళ్ళు సమానంగా పంచితే మనిషి కాదు, కీ ఇచ్చిన బొమ్మ అవుతుంది.

ఇదంతా 8 ఫ్రేముల లెక్క. అదే 16 పిక్సెళ్ళ అడుగుని కుర్రాడు 12 ఫ్రేముల్లో పెట్టాడు, అంటే ఒక అడుగుకి 6 ఫ్రేములు, 16ని 6తో భాగిస్తే 2.67. అర పిక్సెల్ గీయలేం కదా, 3, 3, 2, 3, 3, 2 అని సర్దుకోవాలి, అప్పుడు కూడా పాదం సన్నగా జంకుతుంది. తను కంటి అంచనాతో గీశాడు కాబట్టి 4, 1, 3, 2, 5, 1 వచ్చింది, మొత్తం 16 సరిపోయింది గానీ దారి మొత్తం కుదుపులే. 12 ఫ్రేములే కావాలనుకుంటే అడుగుని 18 చెయ్యాలి, అప్పుడు ఫ్రేముకి 3 చొప్పున పద్ధతిగా పోతుంది. అంటే ఫ్రేములు ఎన్ని అనే ప్రశ్నకి జవాబు అభిరుచిలో లేదు, అడుగు పొడవుని ఒక అడుగు ఫ్రేములతో భాగిస్తే పూర్తి పిక్సెళ్ళు వస్తున్నాయా అనే దాంట్లో ఉంది. పిక్సెల్ ఆర్ట్ కాకుండా పెద్ద రిజల్యూషన్లో గీసేవాళ్ళకి ఈ ఇబ్బంది ఉండదు, వాళ్ళకి 12 చక్కగా పనిచేస్తుంది.

4 ఫ్రేములు కూడా తక్కువదేం కాదు. కాంటాక్ట్, పాసింగ్, రెండో కాలి కాంటాక్ట్, మళ్ళీ పాసింగ్. 16 నుంచి 32 పిక్సెళ్ళ ఎత్తున్న బొమ్మలకి ఇది హాయిగా చాలు, అంత చిన్న బొమ్మలో డౌన్, అప్ పోజులకి తేడా చూపించడానికి పిక్సెళ్ళే ఉండవు. ఆర్పీజీ మేకర్ ఎంవీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ లో క్యారెక్టర్ షీట్, అంటే ఫ్రేములన్నీ వరసగా పేర్చిన బొమ్మ, ఒక్కో వైపుకి 3 బొమ్మలే అడుగుతుంది, మధ్యలోది నిలబడ్డ పోజు, అటు ఇటు రెండు అడుగులు, మధ్య బొమ్మని రెండు సార్లు వాడుకుంటూ తిప్పుతుంది, చూడ్డానికి 4 ఫ్రేముల నడకే. మన హమాలీకి 4 ఎందుకు పెట్టలేదంటే 48 ఎత్తులో ఒక్కో ఫ్రేముకి పాదం 8 పిక్సెళ్ళు గెంతుతుంది, కన్ను ఆ గెంతుని పట్టేస్తది, పైగా బరువు మోసే మనిషి కథ కాబట్టి మోకాలు వంగే ఆ డౌన్ పోజు మాకు కావాలి.

ఇంక శీర్షికలో చెప్పిన మాట. 8 ఫ్రేముల్లో 5 నుంచి 8 దాకా ఉన్నవి మొదటి నాలుగు పోజులే, కాళ్ళు తారుమారు అంతే. 1లో దగ్గర కాలు ముందు, అవతలి కాలు వెనక. 5లో అవతలి కాలు ముందు, దగ్గర కాలు వెనక. పక్క నుంచి చూసే బొమ్మలో ఆకారం అదే, మారేది ఏ కాలు ఏ కాలి మీదుగా కనపడుతుందనేదీ, రంగూ. కాబట్టి కాళ్ళు రెండూ రెండు వేరు వేరు లేయర్లలో ఒకే రంగుతో గీసి, 1 నుంచి 4 పూర్తి చేసి, వాటిని 5 నుంచి 8కి కాపీ కొట్టి, ఆ నాలుగింట్లో రెండు లేయర్లలో ఉన్న కాళ్ళని ఒకదాని చోట ఒకటి మార్చాలి. ఆ తర్వాతే అవతలి కాలు లేయర్ మొత్తానికి ఒక షేడ్ ముదురు రంగు వెయ్యాలి. ఈ ముదురు రంగు తప్పనిసరి, రెండు కాళ్ళూ ఒకే రంగులో ఉంటే 1కీ 5కీ తేడా కన్నుకి తెలీదు, మనిషి ఒకే కాలుతో కుంటుతున్నట్టో, రెట్టింపు వేగంతో పోతున్నట్టో అనిపిస్తది. చేతులకీ ఇదే పద్ధతి, కాలికి ఎదురు చెయ్యి, దగ్గర కాలు ముందుకి వస్తే దగ్గర చెయ్యి వెనక్కి, చేతుల ఊపు బాగా చివరిదాకా వెళ్ళేది కాంటాక్ట్ లో కాదు, దాని తర్వాత వచ్చే డౌన్ లో.

ఈ కాపీ పద్ధతికి ఒక హద్దు ఉంది. బొమ్మ పూర్తిగా పక్కకి కాకుండా కొంచెం మన వైపు తిరిగి ఉంటే అవతలి కాలు నేల గీత ఒక పిక్సెల్ పైన ఉండాలి, అటు తొడ కొంచెం ముందు నుంచి మొదలవ్వాలి. అప్పుడు కాపీ చేసిన నాలుగింట్లో అవతలి కాలుని ఒక పిక్సెల్ ఎత్తి సర్దుకుంటే సరిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి గీయక్కర్లేదు. ఎదురుగా నడిచి వచ్చే బొమ్మకి అయితే ఈ లెక్క వేరే, దాని జోలికి ఇక్కడ పోను.

8వ ఫ్రేము తర్వాత మళ్ళీ 1 వస్తది, అంతే. లూపు సరిగ్గా కలవాలని 1నే మళ్ళీ 9గా చివర పెట్టేవాళ్ళు ఉన్నారు, అప్పుడు ఒకే పోజు రెండు ఫ్రేముల సేపు నిలబడి ప్రతి సైకిల్ కీ ఒకసారి తడబడుతుంది. నడకలో ఎక్కడో లయ తప్పుతోంది ఎక్కడో దొరకట్లేదు అన్నప్పుడు ముందు ఇది చూడండి.

కాళ్ళు తేలాక లుంగీ. ఎగ్గట్టిన లుంగీ ఉండడం వల్ల తొడలు కనపడవు, గీయాల్సిన పని తగ్గింది గానీ దాని కింది అంచు మాత్రం కాళ్ళు చెప్పినట్టు వినాలి, అదీ ఒక ఫ్రేము ఆలస్యంగా. కాళ్ళు బాగా ఎడంగా ఉండేది కాంటాక్ట్ లో, లుంగీ బాగా విచ్చుకునేది డౌన్ లో. పాసింగ్ లో కాళ్ళు దగ్గరికి వస్తాయి, లుంగీ ముడుచుకునేది అప్ లో. ఒళ్ళు కిందికి దిగినప్పుడు తువ్వాలు కొస ఇంకా పైనే ఉండి తర్వాతి ఫ్రేములో దిగుతుంది. గుడ్డకి ఈ ఒక్క ఫ్రేము ఆలస్యం ఇస్తే చాలు, ప్రాణం వస్తది. కాకపోతే లుంగీ కింది అంచు వెడల్పు మారొచ్చు గానీ నడుము నుంచి అంచు దాకా పొడవు మారకూడదు, మారితే నడిచేటప్పుడు లుంగీ పెరుగుతూ తగ్గుతూ ఉంటది, కాళ్ళు రబ్బరు అయినట్టే ఇదీ.

గీయడం అయ్యాక కుర్రాడు గేమ్ లో పెట్టాడు, మళ్ళీ ఫోను. "అన్నా ఇంకా జారతన్నాడు, ఫ్రేములు తక్కువయ్యాయేమో." ఫ్రేములు కాదు. ఫ్రేముకి 4 పిక్సెళ్ళు, సెకనుకి 10 ఫ్రేములు, అంటే ఈ నడక సెకనుకి 40 పిక్సెళ్ళు పోవడానికి గీసినది. తన కోడ్ లో వేగం 90 ఉంది. 90 వేగానికి పాదం జారకూడదంటే సెకనుకి 22 ఫ్రేములు పైనే తిప్పాలి, సెకనుకి దాదాపు మూడు సైకిళ్ళు, అంటే ఆరు అడుగులు, అది నడక కాదు టకటకలాడే పరుగు. పోనీ అడుగు పెంచుదామా? పాదం నడుముకి 8 బదులు 10 ముందుకి వేస్తే ఫ్రేముకి 5 పిక్సెళ్ళు, సెకనుకి 12 ఫ్రేములు తిప్పితే 60 వస్తది. అప్పుడు కాంటాక్ట్ లో నడుము 11కి దిగిపోవాలి, ఊపు ఇంకా పెరుగుతుంది. అంతకు మించి 15 పిక్సెళ్ళ కాలుతో సాగదు. పెద్ద తల పొట్టి కాళ్ళ క్యారెక్టర్ ఎంచుకున్నప్పుడే దాని నడక వేగానికి ఒక పైహద్దు పడిపోతుంది, ఎన్ని ఫ్రేములు గీసినా అది మారదు, సైకిల్ కి పోయే దూరం 32 అంటే 32నే. తను చివరికి నడక వేగం 40కి దించి, 90కి వేరే పరుగు సైకిల్ పెడతానన్నాడు, అదే సరైన దారి. పరుగులో రెండు పాదాలూ గాల్లో ఉండే క్షణం ఉంటది కాబట్టి కాలు పొడవుకి మించి దూరం పోవచ్చు.

బస్తా మోస్తున్నప్పుడు వేగం తగ్గుతుంది కాబట్టి యానిమేషన్ వేగాన్ని కూడా కదలికకి కట్టేశాం. గోడో 4 గేమ్ ఇంజన్ లో అయితే ఇంతే, యానిమేషన్ ని 10 ఎఫ్‌పీఎస్ కి పెట్టుకుని:

```
const PX_PER_FRAME = 4.0
const BASE_FPS = 10.0

func _physics_process(_delta):
    var s = abs(velocity.x) / (PX_PER_FRAME * BASE_FPS)
    $AnimatedSprite2D.speed_scale = s
```

వేగం 40 ఉంటే 1, వేగం 28కి దిగితే 0.7. పాదం ఏ వేగంలోనూ జారదు. స్ప్రైట్ ని గేమ్ లో రెండింతలు చేసి చూపిస్తుంటే మాత్రం PX_PER_FRAME 8 చెయ్యాలి, ఇది చాలామంది మర్చిపోతారు. మరీ మెల్లగా పోతే, అంటే 0.5 కంటే కింద, ఒక్కో పోజు కంటికి విడివిడిగా కనపడిపోతుంది, అక్కడ కావాల్సింది వేరే నడక. యార్డులో చూస్తే బస్తా వీపున ఉన్న మనిషి మామూలు నడకనే మెల్లగా నడవడు, అడుగులు చిన్నవి చేస్తాడు, మోకాళ్ళు పూర్తిగా చాపడు, ఒళ్ళు ముందుకి వంచుతాడు, పైకి లేవడం అనేదే దాదాపు ఉండదు. కాబట్టి బస్తా నడకకి పాదం 8 బదులు 4 మాత్రమే ముందుకి, ఫ్రేముకి 2 పిక్సెళ్ళు, కోడ్ లోనూ ఆ నడకకి PX_PER_FRAME 2, నడుము ఎత్తులు 12, 11, 12, 12. అదే తల, అదే కొలతలు, అదే నాలుగు పోజులు, అంకెలు మాత్రం వేరే.

అయిపోయింది అనుకునే ముందు రెండు పరీక్షలు చేస్తా నేను. మొదటిది, 8 ఫ్రేముల్నీ కాపీ తీసి మొత్తం నల్లరంగుతో నింపి చూడటం. 1కీ 5కీ, 2కీ 6కీ కాళ్ళ ఆకారం అచ్చంగా ఒకటే ఉండాలి, ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలవాలి, కలవకపోతే ఎక్కడో ఒక కాలు దాని మానాన అది మారిపోయింది. రెండోది, కాన్వాస్ కి కింద ఒక నేల లేయర్ పెట్టి దాని మీద ఒక పిక్సెల్ చుక్క, ఆ చుక్కని ఫ్రేముకి 4 చొప్పున వెనక్కి జరపడం. నేల మీద ఉన్న పాదం ఆ చుక్క పక్కనే ఉండిపోవాలి. ఏ ఫ్రేములో చుక్కకీ పాదానికీ ఎడం మారిందో తప్పు ఆ ఫ్రేములోనే ఉంది, మిగతావి ముట్టుకోకండి. ఆనియన్ స్కిన్, అంటే పక్క ఫ్రేములు లీలగా కనపడేలా పెట్టుకుని చూడటం కంటే ఈ చుక్క పద్ధతి నాకు ఎక్కువ నమ్మకం, ఆనియన్ స్కిన్ లో మామూలుగా ముందు వెనక ఉన్న కొన్ని ఫ్రేములే కనపడతాయి, ప్రతి ఫ్రేముకీ అర పిక్సెల్ అటూ ఇటూ అనిపించేది నాలుగు ఫ్రేముల తర్వాత రెండు పిక్సెళ్ళయిపోయి ఉంటది.

మిగిలింది ఎడమ వైపు నడక. కుడికి నడిచే షీట్ ని గేమ్ లో తిప్పేస్తే సరిపోతుంది కదా అనుకుంటాం. కాళ్ళకి సరిపోతుంది, తలకి సరిపోతుంది, తువ్వాలుకి సరిపోదు. తువ్వాలు ఎడమ భుజం మీద ఉంది. కుడికి నడిచేటప్పుడు మనకి కనపడేది హమాలీ కుడి వైపు, కాబట్టి తువ్వాలు అవతలి భుజం మీద అంచు మాత్రమే కనపడతది. ఎడమకి నడిచేటప్పుడు ఎడమ భుజం మన వైపు రావాలి, తువ్వాలు ఎర్రగా మొత్తం కనపడాలి. తిప్పిన బొమ్మలో మళ్ళీ అవతలే ఉండిపోతుంది, అంటే వెనక్కి తిరిగిన ప్రతిసారీ తువ్వాలు భుజం మారిపోతోంది. లంగా ఓణీ వేసుకున్న అమ్మాయి బొమ్మ అయితే ఇది ఇంకా ఘోరంగా కనపడతది, ఓణీ కుడి భుజం మీదకి వచ్చేస్తది, మన దగ్గర ఎవరికైనా వెంటనే తెలిసిపోతది. దీనికి మొత్తం షీట్ మళ్ళీ గీయక్కర్లేదు. మొండెం, తువ్వాలు వేరే లేయర్లలోనే ఉన్నాయి కాబట్టి ఆ రెంటికే ఎడమ వైపు బొమ్మ ఒక్కటి గీసి, అవే ఎత్తుల ప్రకారం 8 ఫ్రేముల్లో జరిపి, తిప్పిన కాళ్ళూ తలా దాని కింద పెట్టి రెండో షీట్ గా ఎక్స్‌పోర్ట్ చేశాం. ఎక్స్‌పోర్ట్ లో ట్రిమ్ ఆప్షన్ ఆపేసి ఉంచాలి, అది ప్రతి ఫ్రేముని బొమ్మ అంచుల దాకా కత్తిరిస్తది, డౌన్ లో లుంగీ విచ్చుకుంటే వెడల్పు పెరిగి, అప్ లో తగ్గి, గేమ్ లో మనిషి మధ్య గీత అటూ ఇటూ కదులుతుంది. ఒక్కో ఫ్రేము 64 బై 64 అలాగే ఉండి, షీటు 512 బై 64 రావాలి, రెండు షీట్లలోనూ నేల 60 దగ్గరే ఉండాలి.